ఎనిమిది అడుగులు, ఆరు స్విచ్‌లు: పిక్ అండ్ ప్లేస్‌లో గ్రిప్పర్ స్విచ్ చేసే పని

బెంగళూరు పీణ్యలో గానీ చెన్నై అంబత్తూరులో గానీ చిన్న మెషిన్ షాపులో మొట్టమొదట ఆటోమేషన్‌కు ఎక్కే పని సాధారణంగా ఒకటే ఉంటుంది: చ్యూట్ చివర వచ్చి ఆగిన ముక్కను ఎత్తి పక్కనున్న ఫిక్స్చర్‌లో పెట్టడం. దానికి కావలసింది రెండు గాలి సిలిండర్లు, ముక్కను దవడలతో పట్టే ఒక గ్రిప్పర్, మూడు వాల్వులు, స్విచ్‌లను చదివి వాల్వులను నడిపే ఓ చిన్న పీఎల్‌సీ. స్విచ్‌ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పొదుపు మొదలవుతుంది. రెండు సిలిండర్లకు కొసకొకటి చొప్పున నాలుగు లిమిట్ స్విచ్‌లు పెట్టి, గ్రిప్పర్‌కు చోటు లేదనో, పట్టడానికి ఎంత సేపు పడుతుందో తెలుసు కదా అనో, అక్కడ టైమర్‌తో సరిపెడతారు. ఈ స్టేషన్‌లో తర్వాత వచ్చే చిక్కుల్లో చాలావాటి మూలం ఆ నిర్ణయంలోనే ఉంటుంది.

కొలతలతో ఒక స్టేషన్‌ను తీసుకుందాం. ముక్క ఉక్కు బుష్, బయటి వ్యాసం 25 మి.మీ., బరువు 120 గ్రాములు. అడ్డంగా కదిలే సిలిండర్ బోర్ 25 మి.మీ., స్ట్రోక్ 200 మి.మీ. నిలువు సిలిండర్ బోర్ 16, స్ట్రోక్ 50. గాలి 5 బార్. ఆ ఒత్తిడిలో 16 బోర్ సిలిండర్ కిందికి దాదాపు 100 న్యూటన్ల బలం ఇస్తుంది. గ్రిప్పర్, బుష్, బ్రాకెట్ అన్నీ కలిపి కిలో దాటవు కాబట్టి బలానికి లోటు లేదు. అసలు సంగతంతా వరసలో ఉంది.

స్టేషన్ చేసేవి ఎనిమిది అడుగులు: దిగు, పట్టు, లే, ముందుకు వెళ్లు, దిగు, వదులు, లే, వెనక్కి రా. ప్రతి అడుగు తర్వాత యంత్రం ఎక్కడుందో మూడంకెల్లో రాయవచ్చు. మొదటి అంకె అడ్డం సిలిండర్‌ది: వెనకుంటే 0, ముందుంటే 1. రెండోది నిలువుది: పైనుంటే 0, కిందుంటే 1. మూడోది గ్రిప్పర్‌ది: తెరిచి ఉంటే 0, పట్టుకుని ఉంటే 1.

```
000 → 010 → 011 → 001 → 101 → 111 → 110 → 100 → 000
```

మూడంకెలతో వచ్చే కలయికలు ఎనిమిదే. ఎనిమిదీ ఇక్కడ ఒక్కొక్కసారే వచ్చాయి, అడుగుకు ఒక్క అంకె మాత్రమే మారింది. ఎన్‌కోడర్లతో పని చేసినవారికి ఇది తెలిసిన వరసే, గ్రే కోడ్ అంటారు. పిక్ అండ్ ప్లేస్ చక్రం తనంతట తానే ఆ వరసలో పడుతుంది. అంటే స్విచ్‌లను చూస్తే చాలు, తర్వాతి అడుగు ఏమిటో తెలిసిపోతుంది. యంత్రం ఎంతవరకు వచ్చిందో వేరే ఎక్కడా గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు మూడో అంకెను వేలితో మూసి, మిగిలిన రెండే చదవండి.

```
00 → 01 → 01 → 00 → 10 → 11 → 11 → 10 → 00
```

ప్రతి స్థితీ రెండుసార్లు వచ్చింది. వెనక, పైన ఉన్న యంత్రం బుష్ కోసం దిగబోతోందా, బుష్ పట్టుకుని లేచిందా అన్నది నాలుగు స్విచ్‌లకు తెలిసే దారి లేదు. ప్రోగ్రామ్ రాసినవారు దీన్ని గమనించకపోతే మొదటి రోజే బయటపడుతుంది: నిలువు సిలిండర్ దిగుతుంది, టైమర్ అయ్యాక లేస్తుంది, పై స్విచ్ పడగానే మళ్లీ దిగుతుంది. రోట్లో రోకలి పడినట్టు చ్యూట్ దగ్గరే దంచుతూ ఉంటుంది, ముందుకు కదలదు. స్టేషన్ ఇలా దంచుతుంటే స్విచ్ చెడిందని వెతకనక్కర్లేదు, స్థితి రెండుసార్లు వస్తోందని అర్థం.

దానికి అందరూ చేసే మందు ఒకటే, ‘పట్టుకున్నాను’ అని ఒక మెమరీ బిట్ పెట్టడం. పని నడుస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం ఆ బిట్ 0 అయిపోతుంది (కరెంటు పోయినా విలువ నిలిచేలా, రిటెంటివ్‌గా పెట్టకపోతే). దవడల్లో బుష్ అలాగే ఉంటుంది. యంత్రం మాత్రం తాను ఖాళీగా ఉన్నానని నమ్మి దిగి, చేతిలోని బుష్‌తో చ్యూట్‌లోని బుష్ నెత్తిన కొడుతుంది. గ్రిప్పర్ వేళ్లు వంగేది అప్పుడే. రిటెంటివ్ బిట్ పెట్టినా చిక్కు పూర్తిగా తీరదు. కరెంటు లేని సమయంలో ఎవరైనా దవడల్లోంచి బుష్‌ను చేత్తో తీసేస్తే బిట్ 1 అంటుంది, దవడలు ఖాళీ.

గ్రిప్పర్‌కు రెండు స్విచ్‌లు కలిపితే మొత్తం ఆరు. అప్పుడు తర్కం ఆరు వరుసల్లో ముగుస్తుంది. `a0`, `a1` అడ్డం సిలిండర్ వెనక, ముందు కొసలు. `b0`, `b1` నిలువు సిలిండర్ పై, కింది కొసలు. `g0` తెరిచిన దవడ, `g1` బుష్‌ను పట్టిన దవడ. ఆజ్ఞల్లో `A_PLUS` అంటే ముందుకు, `B_PLUS` అంటే దిగు, `G_PLUS` అంటే పట్టు; `MINUS` అంటే దానికి ఎదురు కదలిక.

```
B_PLUS  := (a0 AND g0 AND RUN AND PART) OR (a1 AND g1);
B_MINUS := (a0 AND g1) OR (a1 AND g0);
G_PLUS  := b1 AND a0;
G_MINUS := b1 AND a1;
A_PLUS  := b0 AND g1;
A_MINUS := b0 AND g0;
```

`PART` అంటే చ్యూట్ చివర బుష్ ఉందని చెప్పే సెన్సర్. `RUN` మొదటి దిగుడును మాత్రమే ఆపుతుంది కాబట్టి స్టాప్ నొక్కితే యంత్రం మధ్యలో నిలవదు, చక్రం ముగించి వెనక, పైన వచ్చి ఆగుతుంది. ఈ ఆరు వరుసల్లో ఒక సిలిండర్‌కు రెండు వైపులా ఒకేసారి ఆజ్ఞ వెళ్లే సందర్భం లేదు. పీఎల్‌సీ లేకుండా గాలి వాల్వులతోనే ఇదే వరసను కాస్కేడ్ పద్ధతిలో కట్టాలంటే నాలుగు గ్రూపులు అవుతాయి, మూడు మెమరీ వాల్వులు కావాలి. గ్రిప్పర్ స్విచ్ ఆ మూడింటి పనీ తానే చేసిపెడుతోంది.

అయితే ఇదంతా ఒక షరతు మీద నడుస్తుంది. వాల్వులు రెండు వైపులా కాయిల్ ఉన్న 5/2 డబుల్ సోలినాయిడ్‌వి అయి ఉండాలి. ధర చూసి నిలువు సిలిండర్‌కు స్ప్రింగ్ రిటర్న్ వాల్వు వేశారనుకుందాం. సిలిండర్ దిగింది, `b1` పడింది, దవడలు మూసుకోవడం మొదలైంది. దవడ కదలగానే `g0` ఆరిపోతుంది, `g1` ఇంకా పడలేదు. ఆ క్షణంలో `B_PLUS`లోని రెండు భాగాలూ అబద్ధమే. వాల్వు లోపల గాలి దారి మార్చే స్పూల్‌ను స్ప్రింగ్ వెనక్కి తోస్తుంది, సిలిండర్ లేస్తుంది, దవడలు బుష్ మీద సగం పట్టు కూడా దొరకకుండా గాల్లో మూసుకుంటాయి. చూసేవారికి ‘గ్రిప్పర్ నిదానంగా ఉంది’ అనిపిస్తుంది, దాని ఫ్లో కంట్రోల్ తిప్పుతూ కూర్చుంటారు. తప్పు గ్రిప్పర్‌ది కాదు. ఒక స్విచ్ వదిలి ఇంకో స్విచ్ పట్టేలోపు పాత ఆజ్ఞను నిలిపి ఉంచేది డబుల్ సోలినాయిడ్ వాల్వు స్పూలే. ఈ పద్ధతిలో మెమరీ అన్నది ఉంటే అది అక్కడే ఉంది.

ఇక `g1` స్విచ్ ఎక్కడ పెట్టాలన్నది అసలైన సర్దుబాటు. దవడలు మొత్తం 6 మి.మీ. కదిలే గ్రిప్పర్‌ను తీసుకుని, వేళ్ల మధ్య తెరిచినప్పుడు 28, పూర్తిగా మూస్తే 22 మి.మీ. వచ్చేలా చేయించుకుంటే, 25 మి.మీ. బుష్ సరిగ్గా మధ్యలో దొరుకుతుంది. ఇంత చిన్న గ్రిప్పర్‌లో రోలర్ లిమిట్ స్విచ్ పట్టదు కాబట్టి బాడీ గాడిలో కూర్చునే రీడ్ స్విచ్ వాడతారు. బుష్ పట్టించి, స్విచ్‌ను గాడిలో జరుపుతూ దీపం వెలిగే మొదటి చోటు, ఆరే చోటు గుర్తించి, మధ్యలో బిగించాలి. తర్వాత బుష్ తీసేసి ఖాళీగా మూయించి చూడాలి. దీపం ఒక్కసారి మెరిసి ఆరిపోవాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఆ స్విచ్‌కు 25కీ 22కీ తేడా తెలియడం లేదన్నమాట. అప్పుడు వేళ్లను మార్చి బుష్ పట్టే చోటును పూర్తి మూతకు ఇంకాస్త దూరంగా జరపాలి.

ఆ మెరుపులోనే ఒక తప్పు దాగి ఉంది. ఖాళీ దవడ మూసుకుంటూ స్విచ్ ముందు నుంచి దాటిపోయేటప్పుడు `g1` ఓ 20 మిల్లీసెకన్ల పాటు పడి ఉంటుంది. పీఎల్‌సీ స్కాన్ 5, 10 మిల్లీసెకన్లే కాబట్టి అది దొరికిపోతుంది, `B_MINUS` వెళుతుంది. వాల్వు స్పూల్ మారడానికి కూడా దాదాపు అంతే సమయం కావాలి. అందుకని ఖాళీ గ్రిప్పర్ ఒకసారి లేస్తుంది, ఒకసారి లేవకుండా కిందే ఉండిపోతుంది. ఒక్కోసారి ఒక్కోలా చేసే ఇలాంటి తప్పు మీద రోజులు పోతాయి. మందు చిన్నదే: `g1`ను నేరుగా వాడకుండా 100 మిల్లీసెకన్ల ఆన్ డిలే టైమర్ గుండా తీసుకోవాలి. బుష్ నిజంగా పట్టుబడితే స్విచ్ నిలకడగా ఉంటుంది, దాటిపోయే మెరుపుకు టైమర్ నిండదు. `G_PLUS` వెళ్లి ఒక సెకను దాటినా టైమర్ నిండకపోతే ‘ముక్క పట్టలేదు’ అని అలారం ఇవ్వాలి. అప్పుడు ఆపరేటర్ `RUN` తీసేసి, వాల్వు మీది మాన్యువల్ బటన్‌తో సిలిండర్‌ను లేపి, గ్రిప్పర్ తెరిస్తే చాలు. యంత్రం తనకు తానే 000లో ఉంటుంది. రీసెట్ చేయాల్సిన బిట్ ఏదీ లేదు.

గ్రిప్పర్‌కు బదులు సక్షన్ కప్ వాడితే `g1` స్థానంలో వాక్యూమ్ స్విచ్ వస్తుంది. అక్కడ ఊరు కూడా లెక్కలోకి వస్తుంది. చెన్నై సముద్ర మట్టానికి దగ్గర, గాలి పీడనం 101 కిలోపాస్కల్స్. బెంగళూరు 900 మీటర్లకు పైన ఉంది, అక్కడ 91 దాకానే. ఉన్న గాలిలో 88 శాతం లాగేసే ఎజెక్టర్ చెన్నైలో మైనస్ 89 చూపిస్తే బెంగళూరులో మైనస్ 80 దగ్గర ఆగిపోతుంది. చెన్నైలో మైనస్ 85కు సెట్ చేసిన స్విచ్‌ను అలాగే తెచ్చి పీణ్యలో బిగిస్తే కప్ ఎంత గట్టిగా అంటుకున్నా `g1` ఎప్పటికీ రాదు. సీల్ చినిగిందేమోనని కప్పులు మారుస్తారు. మైనస్ 60 దగ్గర పెట్టుకుంటే రెండు ఊళ్లలోనూ పనిచేస్తుంది, పట్టు బలాన్ని మాత్రం బెంగళూరుకు పదో వంతు తగ్గించి లెక్క వేసుకోవాలి.

సిలిండర్ల లిమిట్ స్విచ్‌ల సంగతి కొంత సులువు. క్యారేజీ మీద స్విచ్‌ను నొక్కే దిమ్మ, అంటే డాగ్, ఒకటి బిగించి, దానికి 30 డిగ్రీల వాలు ఇచ్చి, రోలర్ ఆ వాలు మీద ఎక్కేలా చూడాలి. నిటారు అంచుతో కొడితే లీవర్ కొన్నాళ్లకే వదులవుతుంది. కొసకు 2, 3 మి.మీ. ముందే స్విచ్ పడాలి, ఆ తర్వాత ఆగేవరకు నొక్కుకునే ఉండాలి. క్యారేజీని ఆపే పని స్టాపర్‌ది, స్విచ్ బాడీ మీద దెబ్బ పడకూడదు. సర్దేటప్పుడు గాలిని 2 బార్‌కు దించి, ఫ్లో కంట్రోళ్లు దాదాపు మూసేసి, మాన్యువల్ బటన్‌తో ఒక్కొక్క సిలిండర్‌ను నడిపి పీఎల్‌సీ ఇన్‌పుట్ దీపం చూసుకోవాలి. స్విచ్ మీది దీపం కంటే పీఎల్‌సీ దీపాన్ని నమ్మడం మేలు, మధ్యలో వైరు తెగినా కొన్ని స్విచ్‌ల దీపం వెలుగుతూనే ఉంటుంది.

కొసకు ముందే స్విచ్ పడటంలో ఒక ఇబ్బంది ఉంది. 200 మి.మీ. దూరాన్ని అర సెకనులో దాటే అడ్డం సిలిండర్ చివరి 3 మి.మీ. కుషన్‌లో నెమ్మదిస్తుంది. `a1` పడిన క్షణానికి అది ఇంకా ఆగలేదు, స్టాపర్‌కు తగిలి కాస్త వెనక్కి ఎగిరే అవకాశం కూడా ఉంది. నిలువు సిలిండర్ 50 మి.మీ. దిగడానికి పావు సెకను తీసుకుంటుంటే, బుష్ ఫిక్స్చర్ నోటి దాకా వచ్చేసరికి అడ్డం కదలిక సర్దుకుంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. కొన్ని నెలల తర్వాత ప్రొడక్షన్ పెంచాలని ఎవరో నిలువు సిలిండర్ ఫ్లో కంట్రోల్ రెండు చుట్లు విప్పుతారు. అప్పటి నుంచి బుష్ ఫిక్స్చర్ అంచుకు తగలడం మొదలవుతుంది, స్విచ్ జరిగిపోయిందని అనుమానం స్విచ్ మీదికి పోతుంది. `a0`, `a1` రెండింటికీ 80 మిల్లీసెకన్ల ఆన్ డిలే మొదటే ఇచ్చి ఉంటే ఇది రాదు. చక్రం మొత్తం లెక్క వేస్తే నిలువు కదలికలు నాలుగు, ఒక్కోటి 0.25 సెకను, అడ్డం కదలికలు రెండు, ఒక్కోటి 0.5, గ్రిప్పర్ రెండుసార్లు, డిలేతో కలిపి 0.2 చొప్పున, వాల్వుల ఆలస్యం మొత్తం పావు సెకను. అంతా కలిపి 2.65 సెకన్లు. దానికి ఈ రెండు డిలేలు కలిపేది 0.16 సెకను, వంగిన వేళ్లు మార్చే సమయంతో పోలిస్తే లెక్కలోకి రాదు.

స్విచ్ ఎంపికలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పెట్టె మీద 10 ఆంపియర్లు అని చూసి బలమైనదని కొంటారు. పీఎల్‌సీ ఇన్‌పుట్ లాగేది 24 వోల్టుల దగ్గర కొన్ని మిల్లీ ఆంపియర్లే. పెద్ద కరెంటు కోసం చేసిన వెండి కాంటాక్టు మీద పట్టే పలుచని పొర కాలిపోవాలంటే ఆ కరెంటు చాలదు. అంబత్తూరు తేమలో అలాంటి స్విచ్ కొన్నాళ్లకు నొక్కినా పలకదు, ఒకటికి రెండుసార్లు వేలితో కొడితే పలుకుతుంది. తక్కువ కరెంటుకు బంగారు పూత కాంటాక్టులున్న స్విచ్ తీసుకోవాలి. ఇక కూలెంట్ చిమ్మే చోట ఐపీ67 అని రాసి ఉన్నా కేబుల్ దూరే ద్వారం కిందికి ఉండేలా బిగించాలి.

కొస చేరిందని చెప్పే స్విచ్‌లన్నీ నార్మల్లీ ఓపెన్‌గా వైరింగ్ చేయడం మంచిది. వైరు తెగితే ‘చేరలేదు’ అనే వస్తుంది, యంత్రం ఆగిపోతుంది. నార్మల్లీ క్లోజ్డ్‌గా వేసి ప్రోగ్రామ్‌లో తిప్పి చదివితే తెగిన వైరు ‘చేరాను’ అని చెబుతుంది, యంత్రం లేని చోటు ఉందనుకుని కదులుతుంది. దీనికి తోడు ఒక కాపలా కావాలి: `a0`, `a1` రెండూ ఒకేసారి పడటం అసంభవం కాబట్టి, పడితే వెంటనే అలారం. రోలర్ వెనక్కి రాకుండా ఇరుక్కున్న `a0` ఉన్నప్పుడు యంత్రం ముందుకు వెళ్లి `a1` కూడా పడితే `B_PLUS`, `B_MINUS` రెండూ ఒక్కసారే వెళతాయి. రెండు కాయిళ్లూ లాగితే స్పూల్ ఉన్న చోటే ఉంటుంది, యంత్రం బుష్ పట్టుకుని మౌనంగా నిలబడుతుంది. వాల్వు మీది రెండు కనెక్టర్ల దీపాలూ వెలుగుతుంటే గాలి సంగతి పక్కన పెట్టి స్విచ్‌లను చూడాలి.

ఎమర్జెన్సీ స్టాప్ విషయంలో డబుల్ సోలినాయిడ్ ఒక వల. కాయిల్ కరెంటు తీసేసినా స్పూల్ మారదు, సగం దారిలో ఉన్న సిలిండర్ ఆగకుండా కొస దాకా వెళుతుంది. అందుకే ఎమర్జెన్సీ బటన్ సిలిండర్ల గాలిని కూడా డంప్ వాల్వుతో వదిలేయాలి. గాలి పోతే నిలువు సిలిండర్ బరువుకు జారుతుంది, కాబట్టి దాని కింది పోర్టుకు ఆనుకుని పైలట్ చెక్ వాల్వు ఉండాలి. గ్రిప్పర్‌ను ఈ డంప్‌లో కలపకూడదు. స్ప్రింగ్‌తో మూసుకునే రకం తీసుకుంటే గాలి పోయినా బుష్ పడదు. గాలి తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీ సిలిండర్‌లో ఎదురొత్తిడి ఉండదు, బయటికి పోయే గాలిని అదిమి వేగం తగ్గించే మీటర్ అవుట్ ఫ్లో కంట్రోల్ మొదటి కదలికను అదుపు చేయలేదు. సాఫ్ట్ స్టార్ట్ వాల్వు లేకపోతే ఆ మొదటి దెబ్బ స్టాపర్ మీద పడుతుంది. గాలి నిండాక కూడా `RUN` మళ్లీ నొక్కేవరకు ఆరు అవుట్‌పుట్‌లనూ వెళ్లకుండా ఆపి ఉంచాలి. ఎందుకంటే స్విచ్‌ల మీదే నడిచే తర్కం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే సాగిపోతుంది, ఫిక్స్చర్‌లో ఎవరి చెయ్యి ఉందో దానికి తెలియదు.

ఈ పద్ధతికి హద్దు కూడా స్పష్టంగానే ఉంది. ఫిక్స్చర్‌లో బుష్‌ను పెట్టాక దవడలు మూసి ఇంకోసారి దిగి నొక్కాలన్నా, ముక్కలను రెండు చోట్లకు పంచాలన్నా స్థితులు మళ్లీ రెండుసార్లు రావడం మొదలవుతుంది. అప్పుడు అడుగుల నంబరు పెట్టుకుని, ప్రతి అడుగుకూ తన స్విచ్ పడితేనే నంబరు పెరిగేలా రాయక తప్పదు. కరెంటు పోయి వచ్చాక ఆ నంబరును నమ్మకుండా హోమింగ్ చేయాలి: ముందు నిలువు సిలిండర్ పైకి, `b0` పడ్డాకే అడ్డం వెనక్కి. గ్రిప్పర్‌ను మాత్రం దానంతట తెరవనివ్వకూడదు. `g1` పడి ఉంటే తెర మీద చెప్పి, ఆపరేటర్ చెయ్యి కింద పెట్టి బటన్ నొక్కాకే తెరవాలి.